రద్దు చేశాక కూడా డబ్బు కోస్తుంటే...

అమెజాన్ ప్రైమ్ సభ్యత్వం వద్దనుకున్నవాళ్లు దాటాల్సిన దారికి ఆ సంస్థ లోపల ఒక ముద్దుపేరు ఉండేది: 'ఇలియడ్'. ట్రాయ్ యుద్ధం మీద హోమర్ రాశాడని చెప్పుకునే, 15 వేలకు పైగా పాదాలున్న గ్రీకు కావ్యం అది. అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 జూన్‌లో వేసిన దావాలో ఈ పేరు చెప్పి మరీ లెక్క తీసింది. సభ్యత్వం వదులుకోవాలంటే నాలుగు పేజీలు దాటాలి, ఆరుసార్లు నొక్కాలి, దారిలో ఎదురయ్యే పదిహేను ఎంపికల్లో దేన్నీ పొరపాటున ముట్టుకోకూడదు. ఆ కేసు 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లకు రాజీ అయింది. తప్పు చేశామని అమెజాన్ ఒప్పుకోలేదు.

అంత పెద్ద సంస్థ కాబట్టి ప్రభుత్వం వెంటపడింది. పిల్లల ఇంగ్లిష్ పాఠాల యాప్, బరువు తగ్గించే యాప్, జాతకాలు చెప్పే యాప్, ఏడు రోజులు ఉచితమని ఊరించిన ఫొటో ఎడిటింగ్ యాప్... వీటి వెంట ఎవరు పడతారు? రద్దు చేసుకున్నట్టు మెయిల్ వస్తుంది. మర్నెల అదే తేదీకి కార్డులోంచి డబ్బూ పోతుంది. కంపెనీకి రాస్తే టికెట్ నంబరు వస్తుంది కానీ జవాబు రాదు. చాలామంది అక్కడే తల బాదుకుంటూ ఉండిపోతారు, లేదంటే విసుగెత్తి కార్డే మార్చేస్తారు. నిజానికి ఈ దశలో కంపెనీని బతిమాలాల్సిన పని లేదు. అడగాల్సింది కార్డు ఇచ్చిన బ్యాంకును.

ఎందుకో తెలియాలంటే ఈ చెల్లింపు వెనక రెండు వేర్వేరు ఒప్పందాలున్నాయని గుర్తించాలి. ఒకటి మనకూ కంపెనీకీ మధ్య ఉంటుంది. సేవ ఇస్తాం, నెలకింత కట్టండి అన్నది దాని సారాంశం. రెండోది మనకూ బ్యాంకుకూ మధ్య ఉంటుంది. ఫలానా కంపెనీ అడిగినప్పుడు ఓటీపీ కోసం నన్ను అడక్కుండా ఇంతవరకు ఇచ్చేయండి అని మనం బ్యాంకుకు రాసిచ్చిన అనుమతి అది. బ్యాంకు భాషలో దాని పేరు ఇ-మ్యాండేట్. జనం ఆటో పే అనీ, ఆటో డెబిట్ అనీ అంటారు. పాతకాలం బ్యాంకు ఉద్యోగులైతే స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ అంటారు. యాప్‌లో 'క్యాన్సిల్' నొక్కితే రద్దయ్యేది మొదటి ఒప్పందమే. ఆ సంగతి ఆటో పే వ్యవస్థకు చెప్పి రెండోదాన్నీ తీసేయించాల్సింది కంపెనీ. అది చెప్పకపోతే బ్యాంకు పుస్తకాల్లో అనుమతి అలాగే బతికి ఉంటుంది. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తేనైతే ఈ రెండింటిలో ఏదీ రద్దు కాదు.

ఈ రెండో ఒప్పందం విషయంలో భారతదేశంలో కార్డు వాడేవాళ్లకు చాలా దేశాల్లో లేని ఒక సదుపాయం ఉంది. రిజర్వు బ్యాంకు 2019 ఆగస్టు 21న జారీ చేసిన ఉత్తర్వు దీనికి పునాది. గడువులు రెండు మూడుసార్లు జరిగి, చివరికి 2021 అక్టోబరు 1 నుంచి అది గట్టిగా అమల్లోకి వచ్చింది. ఆ రోజుల్లో దేశమంతా ఆటో పేమెంట్లు ఫెయిలవుతున్నాయని గగ్గోలు పుట్టింది. కంపెనీలు గొణిగాయి, ఓటీటీ చూసేవాళ్లు తిట్టుకున్నారు. ఆ గొడవలో పడి అసలు లాభం ఎవరి దృష్టికీ పెద్దగా రాలేదు.

ఆ ఉత్తర్వు ప్రకారం ఆటో పే పెట్టుకునేటప్పుడు ఓటీపీ లాంటి అదనపు ధ్రువీకరణ తప్పనిసరి. డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు బ్యాంకు కబురు పంపాలి. అందులో కంపెనీ పేరు, ఎంత మొత్తం, ఎప్పుడు, ఎందుకు, ఏ రిఫరెన్స్ నంబరు కింద అన్నది ఉండాలి. ఆ ఒక్క చెల్లింపు వద్దనడానికీ, మొత్తం అనుమతినే వెనక్కి తీసుకోవడానికీ వీలుండాలి. ఆన్‌లైన్‌లో ఎప్పుడంటే అప్పుడు మ్యాండేట్‌ను రద్దు చేసుకునే ఏర్పాటును కార్డు ఇచ్చిన సంస్థే చేయాలి. దీనికి కంపెనీ ఒప్పుకోలు అక్కర్లేదు. ఆటో పే సదుపాయానికి కార్డుదారు నుంచి రుసుము వసూలు చేయకూడదు. మామూలు చందాలకు ఓటీపీ లేకుండా ఒక్కసారికి పోగల గరిష్ఠ మొత్తాన్ని 2022 జూన్‌లో రూ. 15,000కు పెంచారు. బీమా ప్రీమియం, మ్యూచువల్ ఫండ్, క్రెడిట్ కార్డు బిల్లులకు మాత్రం 2023 డిసెంబరు నుంచి లక్ష రూపాయలు.

ఇదంతా ఆచరణలో ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణలో చూద్దాం. విజయవాడలో ఒకావిడ కొడుకు కోసం ఒక పాఠాల యాప్‌కు క్రెడిట్ కార్డుతో చందా కట్టారనుకుందాం. నెలకు రూ. 799, ప్రతి నెలా 12న. మే 28న యాప్‌లో రద్దు చేసుకున్నారు, రద్దయినట్టు మెయిల్ కూడా వచ్చింది. అయినా జూన్ 12న రూ. 799 పోయింది. కంపెనీకి రెండుసార్లు రాశారు, ఉలుకూ పలుకూ లేదు. జులై 10న ఫోన్‌కు బ్యాంకు ఎస్సెమ్మెస్ వచ్చింది. 12వ తేదీన ఇంత డెబిట్ కాబోతోంది, వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి అని ఒక లింకు.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఇలాంటి ఎస్సెమ్మెస్‌లను అనుకరిస్తూ మోసగాళ్లూ పంపుతున్నారు. అందుకని లింకు నొక్కకుండా బ్యాంకు యాప్‌నే నేరుగా తెరవడం మేలు. కార్డుల విభాగంలో 'మ్యానేజ్ స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్స్', 'ఇ-మ్యాండేట్', 'ఆటో పే' లాంటి పేర్లలో ఏదో ఒకదాని కింద జాబితా కనిపిస్తుంది. చాలా బ్యాంకులు ఈ పని కోసం బిల్‌డెస్క్ సంస్థ నడిపే ఎస్ఐ హబ్ వేదికను వాడుకుంటున్నాయి. అక్కడైతే sihub.in చిరునామాలో బ్యాంకు పేరు మీద ఉన్న పేజీలో కార్డు వివరాలూ ఓటీపీ ఇస్తే ఆ కార్డు మీద ఉన్న మ్యాండేట్లన్నీ బయటపడతాయి. బ్యాంకు తన సొంత వెబ్‌సైటులో ఇచ్చిన దారి గుండానే అక్కడికి వెళ్లడం క్షేమం.

జాబితా చూసినవాళ్లకు తరచూ రెండు ఆశ్చర్యాలు ఎదురవుతాయి. ఎప్పుడో మరిచిపోయిన చందాలు అందులో కూర్చుని ఉండటం ఒకటి. రెండోది మొత్తం. నెలకు పోయేది రూ. 799 అయినా, అనుమతి గరిష్ఠం దగ్గర రూ. 15,000 అని ఉండొచ్చు. చెల్లింపు నెలనెలా మారేలా పెట్టుకున్న మ్యాండేట్లలో ఇలా ఉంటుంది. రేపు కంపెనీ ధర పెంచినా ముందస్తు కబురు తప్ప వేరే అడ్డేమీ ఉండదన్నమాట. మనం నమ్మి వదిలేసిన అనుమతి ఎంత పెద్దదో బ్యాంకు జాబితాలో చూస్తే గానీ తెలియదు.

ఆవిడ ఆ వరసను ఎంచుకుని రద్దు నొక్కి, ఓటీపీ ఇచ్చారు. స్థితి 'క్యాన్సిల్డ్' అని మారిన తెరను ఫొటో తీసుకున్నారు. ఈ ఫొటో విలువ కాసేపట్లో తెలుస్తుంది. ముందస్తు కబురు అప్పటికే వచ్చేసింది కాబట్టి ఇంకో జాగ్రత్త కూడా అవసరమైంది. మ్యాండేట్ రద్దయ్యాక ఇక ఏ చెల్లింపూ జరగకూడదని చెప్పే రిజర్వు బ్యాంకు ఉత్తర్వే, కబురు వెళ్లిపోయి దారిలో ఉన్న చెల్లింపుకు మినహాయింపు ఇచ్చింది. మ్యాండేట్‌ను తీసేసినా 12వ తేదీ రూ. 799 జారిపోవచ్చు. కాబట్టి ఆ ఒక్క చెల్లింపును వద్దనే ఎంపికను కూడా విడిగా నొక్కాలి. అది కనిపించకపోతే వెంటనే ఫోన్ చేయాలి.

ఫోన్‌లో సంభాషణ ఎక్కువగా ఇలా మొదలవుతుంది.

"మేడమ్, కార్డు బ్లాక్ చేసి కొత్తది పంపించమంటారా?"

"కార్డు బ్లాక్ వద్దండీ. ఈ కంపెనీ పేరు మీదున్న ఇ-మ్యాండేట్ క్యాన్సిల్ చేశాను. 12న రాబోయే డెబిట్‌ను ఆపండి. జూన్ 12న పోయిన దానికి డిస్‌ప్యూట్ వేస్తున్నాను. రెండింటికీ వేర్వేరు సర్వీస్ రిక్వెస్ట్ నంబర్లు ఇవ్వండి."

ఈ మాటల్లో ఉన్నదంతా పనికొచ్చే తేడానే. 'నా డబ్బు పోతోంది, ఏదో ఒకటి చేయండి' అంటే కాల్ సెంటర్ ఉద్యోగి దాన్ని మోసం కింద నమోదు చేసి కార్డును హాట్‌లిస్టులో పెట్టేస్తారు. ఆ కార్డు మీద నడుస్తున్న కరెంటు బిల్లు, బీమా ప్రీమియం కూడా ఆగిపోతాయి. పైగా ఓటీపీ ఇచ్చి పెట్టుకున్న ఆటో పేను మోసం అని రాయించుకుంటే, విచారణలో ఆ ఓటీపీనే చూపించి ఫిర్యాదును మూసేస్తారు. ఇది మోసం కాదు, వెనక్కి తీసుకున్న అనుమతి మీద జరిగిన వసూలు. ఫిర్యాదు ఆ గడిలోనే పడాలి.

కొత్త కార్డు తీసుకుంటే పీడ విరగడవుతుందన్న నమ్మకం కూడా అన్నిచోట్లా నిలవదు. వీసా, మాస్టర్‌కార్డ్ నెట్‌వర్కులకు పాత కార్డు స్థానంలో వచ్చిన కొత్త నంబరును, గడువు తేదీని కంపెనీలకు చేరవేసే ఏర్పాట్లున్నాయి. కార్డు మారినా కరెంటు, ఫోను ఆగకూడదన్న మంచి ఉద్దేశంతో పెట్టినవే. అమెరికాలో ఉన్న మన పిల్లలు కార్డు మార్చినా జిమ్ చందా వెంటపడి వచ్చిందని వాపోయేది వీటివల్లే.

ఇక జూన్‌లో పోయిన డబ్బు సంగతి. రాబోయేదాన్ని ఆపడం, పోయినదాన్ని రాబట్టడం రెండూ ఒకే పని కావు. రెండోదాని పేరు చార్జ్‌బ్యాక్. కార్డు ఇచ్చిన బ్యాంకు, నెట్‌వర్కు ద్వారా కంపెనీ బ్యాంకును ఆ డబ్బు వెనక్కి అడుగుతుంది. వీసా నియమాల్లో రద్దు చేసుకున్న ఆటో చెల్లింపులకు ప్రత్యేకంగా 13.2 అనే కారణం సంఖ్యే ఉంది. అంటే ఇది ఎంత మామూలు రోగమో నెట్‌వర్కులకు ముందే తెలుసు. సాధారణంగా లావాదేవీ నుంచి 120 రోజుల వరకు బ్యాంకుకు ఈ దారి తెరిచి ఉంటుంది. కానీ ఆ గడువు బ్యాంకులకు సంబంధించింది. కార్డుదారుకు బ్యాంకు పెట్టే గడువు అంతకంటే తక్కువ ఉండొచ్చు. కాబట్టి స్టేట్‌మెంట్‌లో కనిపించిన వారంలోపే రాసివ్వడం మంచిది.

ఈ వివాదంలో గెలిపించేది కోపం కాదు, తేదీ. రద్దు తేదీ డబ్బు తీసుకున్న తేదీ కంటే ముందుందని చూపగలిగితే చాలావరకు పని అయినట్టే. మన ఉదాహరణలో మే 28 నాటి మెయిల్ ఆ సాక్ష్యం. అలాంటి మెయిల్ రాని చోట, రద్దు చేస్తున్నామని కంపెనీ సహాయ చిరునామాకు సొంతంగా ఒక మెయిల్ పంపి ఉంచుకోవాలి. యాప్ చాట్‌లో చెప్పి ఊరుకుంటే ఖాతా మూసిన మర్నాడే ఆ చాట్ కనిపించకుండా పోతుంది. స్టేట్‌మెంట్‌లో కంపెనీ పేరు యాప్ పేరులా ఉండకపోవచ్చు, మాతృసంస్థ పేరో, చెల్లింపుల సంస్థ పేరో ఉండొచ్చు. ఫిర్యాదులో ఆ రెండో పేరునే, స్టేట్‌మెంట్‌లో ఉన్నది ఉన్నట్టు రాయాలి.

కొన్ని బ్యాంకులు ఫిర్యాదు తీసుకోగానే తాత్కాలికంగా డబ్బు జమ చేస్తాయి. అది చూసి గెలిచామనుకోకూడదు. కంపెనీ జవాబిస్తూ రద్దు ఆలస్యంగా జరిగిందనో, ఏడాది ఒప్పందాన్ని నెలవారీ వాయిదాల్లో కడుతున్నారనో కాగితాలు చూపితే ఆ జమను వెనక్కి లాగేసుకుంటారు. ఈలోగా క్రెడిట్ కార్డు బిల్లులో మిగతా మొత్తం గడువులోగా కట్టేయాలి. వివాదంలో ఉన్న సొమ్మును పక్కన పెట్టారా లేదా అన్నది బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తెలుసుకోవాలి. డెబిట్ కార్డయితే ఈ చిక్కు లేదు కానీ, తేలేదాకా పోయింది మన ఖాతాలోని డబ్బే.

ఇప్పుడు ఆవిడ తీసిపెట్టుకున్న ఫొటో సంగతి. ఆగస్టు 12న కూడా రూ. 799 పోయిందనుకుందాం. అప్పుడు కథ పూర్తిగా మారిపోతుంది. జూన్ వసూలు కంపెనీ చేసిన తప్పు. ఆగస్టుది బ్యాంకు చేసిన తప్పు. వెనక్కి తీసుకున్న మ్యాండేట్ మీద ఇక ఏ చెల్లింపునూ అనుమతించకూడదని రిజర్వు బ్యాంకు చెప్పాక, ఓటీపీ లేకుండా బ్యాంకు ఆ డబ్బు ఎలా వదిలింది? అనుమతి లేని ఎలక్ట్రానిక్ లావాదేవీల్లో ఖాతాదారు బాధ్యతను పరిమితం చేస్తూ 2017 జులై 6న ఇచ్చిన ఉత్తర్వు ఇ-మ్యాండేట్లకూ వర్తిస్తుందని రిజర్వు బ్యాంకే చెప్పింది. దాని ప్రకారం లోపం బ్యాంకుదైతే ఖాతాదారు భరించాల్సింది సున్నా. చెప్పిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని ఖాతాలో నీడ జమగా వేయాలి. మ్యాండేట్‌ను కంపెనీ యాప్‌లో కాకుండా బ్యాంకు దగ్గరే రద్దు చేయాలనడానికి పెద్ద కారణం ఇదే. తప్పు ఎవరి ఖాతాలో పడాలో దాంతో తేలిపోతుంది.

అయితే ఈ పద్ధతికి ఒక కన్నం ఉంది. దేశంలోని కంపెనీ ఓటీపీ లేకుండా డబ్బు లాగాలంటే దాదాపుగా మ్యాండేట్ దారినే రావాలి. విదేశీ కంపెనీ మాత్రం అదే వసూలును ఆటో చెల్లింపుగా కాక, అప్పటికప్పుడు జరిగిన ఒకసారి కొనుగోలుగా పంపవచ్చు. విదేశీ వెబ్‌సైట్లలో ఒకసారి కొనుగోళ్లు చాలాకాలంగా ఓటీపీ లేకుండానే సాగిపోతున్నాయి. అలాంటప్పుడు బ్యాంకు జాబితాలో మ్యాండేటే కనిపించదు, ముందస్తు ఎస్సెమ్మెస్ రాదు, నేరుగా డాలర్లలో కోత పడుతుంది. ఇలా జరుగుతోందని పట్టుకోవడం తేలికే. మొత్తం విదేశీ కరెన్సీలో ఉండి, మ్యాండేట్ల జాబితా ఖాళీగా ఉంటే విషయం అదే.

దీనికి మందు ఇంకోచోట ఉంది. 2020 జనవరిలో వచ్చిన మరో ఉత్తర్వు వల్ల ప్రతి కార్డుకూ బ్యాంకు యాప్‌లో మీటలు వచ్చాయి. ఏటీఎం, దుకాణం, ఆన్‌లైన్, అంతర్జాతీయం అంటూ దేనికది ఆన్ చేసుకోవచ్చు, ఆపుకోవచ్చు, పరిమితి పెట్టుకోవచ్చు. అంతర్జాతీయ ఆన్‌లైన్ లావాదేవీల మీటను ఆపేస్తే ఆ దొడ్డిదారి మూసుకుంటుంది. ఆ ఒక్క కంపెనీతో పాటు విదేశాల్లో నమోదైన మిగతా చందాలూ ఆగుతాయన్నది ఇందులో ఇబ్బంది. ఒక్క వ్యాపారినే ఆపే పరికరాలు వీసా, మాస్టర్‌కార్డ్ దగ్గర ఉన్నాయి. ప్రతి బ్యాంకూ వాటిని ఖాతాదారులకు అందుబాటులో ఉంచదు. ఉంచిన చోట కూడా, కంపెనీ వేరే పేరుతోనో వేరే వ్యాపార నంబరుతోనో వస్తే జల్లెడలోంచి జారిపోవచ్చు.

చందా గూగుల్ ప్లే గుండానో యాపిల్ గుండానో కట్టినదైతే, బ్యాంకుకు కనిపించేది ఆ మధ్యవర్తే. అక్కడ మ్యాండేట్ తీసేస్తే ఆ ఖాతా మీదున్న చందాలన్నీ తెగిపోవచ్చు. కాబట్టి ముందు ఆ మధ్యవర్తి ఖాతాలోని చందాల పేజీలో రద్దు చేయాలి. యూపీఐ ఆటో పే అయితే కార్డు జాబితాలో వెతకడం దండగ. ఫోన్‌పే, గూగుల్ పే లాంటి ఏ యాప్‌తో అనుమతి ఇచ్చారో దాన్లోనే ఆటో పే విభాగానికి వెళ్లి, యూపీఐ పిన్‌తో వెనక్కి తీసుకోవాలి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు దారి కొంచెం వేరు. అక్కడ డెబిట్ కార్డు లేదా బ్యాంకు ఖాతాలోంచి క్రమం తప్పకుండా పోయే చెల్లింపును ఆపమని, అది జరగాల్సిన తేదీకి కనీసం మూడు పనిదినాల ముందు బ్యాంకుకు చెప్పే హక్కును రెగ్యులేషన్ ఇ అనే నియమం ఇస్తోంది. నోటితో చెప్పినా చెల్లుతుంది. కానీ 14 రోజుల్లో రాసివ్వమని బ్యాంకు అడగవచ్చు. అడిగినా ఇవ్వకపోతే నోటిమాట చెల్లకుండా పోతుంది. క్రెడిట్ కార్డుకు ఈ నియమం వర్తించదు. అక్కడ బిల్లు తప్పును స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పే చట్టం వేరుగా ఉంది. బ్రిటన్‌లో ఈ తరహా అనుమతిని కంటిన్యూయస్ పేమెంట్ అథారిటీ అంటారు. కంపెనీతో నిమిత్తం లేకుండా దాన్ని నేరుగా బ్యాంకులోనే రద్దు చేసుకునే హక్కు 2009 నవంబరు నుంచి ఉంది. అయినా 'ముందు కంపెనీని అడిగి రండి' అంటూ తిప్పి పంపిన బ్యాంకులు ఉన్నాయి. 2013లో అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ కలగజేసుకున్నాక గానీ ఆ తీరు మారలేదు.

మన బ్యాంకుల్లోనూ ఆ మాట వినిపిస్తే నమ్మనక్కర్లేదు. కాకపోతే బ్యాంకులో రద్దు చేసినంత మాత్రాన కంపెనీకి నిజంగా బాకీ ఉన్నది మాఫీ కాదు. ఏడాదికి ఒప్పుకున్న జిమ్ మూడో నెలలో చెల్లింపు ఆగితే నోటీసు పంపొచ్చు. బీమా ప్రీమియం మ్యాండేట్ తీసేసి వేరే దారిలో కట్టకపోతే పాలసీ ల్యాప్స్ అవుతుంది. రుణ వాయిదా అయితే క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది. అందుకే కంపెనీలోనూ రద్దు చేసి ఆ రుజువు చేతిలో పెట్టుకోవాలి, బ్యాంకులోనూ అనుమతి తీసేయాలి. రద్దును కావాలనే చిక్కుముడిలా మార్చే కంపెనీల మీద 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పవచ్చు. చందా వలల్ని చీకటి ఎత్తుగడల జాబితాలో చేర్చి, కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది.

బ్యాంకే కదలకపోతే, దానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి 30 రోజులు చూడాలి. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టుకోవచ్చు. దీనికి రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. మే 28 నాటి మెయిల్, జులై 10న తీసిన ఫొటో, రెండు సర్వీస్ రిక్వెస్ట్ నంబర్లు, ఆగస్టు స్టేట్‌మెంట్‌లో ఆ ఒక్క వరస. రూ. 799 కోసం అక్కడ జతచేయాల్సిన కాగితాలు ఇవే.